పందుల కోసం కట్టిన తీగ

పోయిన ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలోని ఒక ఊళ్ళో వేరుశనగ చేనుకు కట్టిన కరెంటు తీగ తగిలి పక్క చేను రైతు చనిపోయాడు. ఆ గొడవ ఇప్పుడు ఛార్జిషీటుతో మళ్ళీ రాజుకుంది. రెండు కుటుంబాలూ ఇంకా ఒకే వీధిలో ఉంటున్నాయి కాబట్టి ఊరి పేరు, మనుషుల పేర్లు వద్దు. తీగలు కట్టడం ఎప్పుడు మొదలైంది, అడవి పందులు ఎందుకు పెరిగాయి అన్నది ఈ జిల్లాలో అందరికీ తెలిసిన కథే. దాన్ని వదిలేసి, రెండు వర్గాలూ కొట్టుకుంటున్న ఒక్క మాట దగ్గరికి వెళ్దాం. చేను యజమాని అంటున్నది ఇదీ: "రాత్రిపూట నా చేన్లోకి ఎవుర్ని అడిగి వచ్చినాడు?"

అడగకుండా వచ్చినవాడికి యజమాని ఏమీ బాకీ లేడనే నమ్మకం ఈ ప్రశ్న వెనక ఉంది. ఆ నమ్మకం పూర్తిగా తప్పేమీ కాదు. స్థలం ఎవరి చేతిలో ఉందో వాళ్ళ బాధ్యత గురించి ఇంగ్లండులో 1957లో, 1984లో విడిగా చట్టాలు వచ్చాయి. మనకు అలాంటి చట్టం లేదు. మన కోర్టులు పాత ఇంగ్లిష్ తీర్పుల దారినే నడిచాయి. వాటి ప్రకారం పిలిస్తే వచ్చిన మనిషి, అంటే కలుపు తీయడానికి వచ్చిన కూలీ, మోటారు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్, వాళ్ళకు దెబ్బ తగలకుండా తగిన జాగ్రత్త తీసుకోవడం యజమాని పని. పిలవకుండా, ఒప్పుకోకుండా చొరబడినవాడి విషయంలో ఆ జాగ్రత్త బాధ్యత లేదు. మీ చేన్లో గట్టు లేని పాత బావి ఉంది, అర్ధరాత్రి ఎవరో చొరబడి అందులో పడ్డారు. వాళ్ళ కుటుంబం మీ మీద గెలవడం కష్టం. ఇంతవరకు చేను యజమాని లాయరు చెప్పేది సరే.

అయితే బావి ఎవరి మీదా గురిపెట్టి లేదు. తీగ అలా కాదు. ఈ తేడాను మన సుప్రీంకోర్టు 1963లోనే తేల్చేసింది. ఈ గొడవలో ఎవరూ ఎత్తని కేసు అదే, నా లెక్కలో అన్నిటికీ సమాధానం కూడా అందులోనే ఉంది.

బిహార్‌లో పక్కపక్క ఇళ్ళు. ఒక ఇంటి మరుగుదొడ్డి గోడ కూలిపోయింది. ఆ ఇంటివాళ్ళు పక్కింటి మరుగుదొడ్డి వాడుకోవడం మొదలుపెట్టారు. పక్కింటాయన వద్దన్నాడు, తిట్టాడు. వాళ్ళు మానలేదు. చివరికి ఆయన దొడ్డికి వెళ్ళే దారికి అడ్డంగా పైతొడుగు లేని రాగి తీగ కట్టి, ఇంట్లోని వైరింగు నుంచి దానికి కరెంటు ఇచ్చాడు. 1959 జూలైలో ఆ ఇంటి ఆడమనిషి లోపలికి వెళ్ళేటప్పుడు తీగకు తగలకుండానే వెళ్ళింది. బయటికి వచ్చేటప్పుడు చెయ్యి తగిలి షాకు కొట్టి కాసేపటికే చనిపోయింది. కేసు చెరుబిన్ గ్రెగరీ వర్సెస్ బిహార్ రాష్ట్రం అనే పేరుతో ఢిల్లీ దాకా వెళ్ళింది. ఆమె నా స్థలంలోకి అక్రమంగా వచ్చింది, నా ఆస్తిని కాపాడుకునే హక్కు నాకుంది అన్నది ఆయన వాదన. రావద్దని ముందే హెచ్చరించి ఉన్నాడు కూడా. మన ఊళ్ళో ఇవాళ వినిపిస్తున్న మూడు మాటలూ ఇవే.

కోర్టు మొదటి మాట ఒప్పుకుంది. అవును, ఆమెకు అక్కడికి వచ్చే హక్కు లేదు. చొరబడినవాళ్ళు తమ పూచీ మీదే వస్తారు, వాళ్ళ క్షేమం కోసం ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సిన పని యజమానికి లేదు అని కూడా చెప్పింది. కానీ అంతమాత్రాన వాళ్ళు చట్టం నీడ లేనివాళ్ళు అయిపోరు అంది. వాళ్ళకు హాని చేయాలని గానీ, ఎవరైనా వస్తారేమో అన్న లెక్కే లేకుండా గానీ, ఉచ్చు పన్నడానికి, కరెంటు తీగ కట్టడానికి యజమానికి హక్కు లేదంది. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు ఐపీసీ 304-ఎ కింద పడిన శిక్షను ఖాయం చేసింది. హెచ్చరిక విషయంలోనూ ఒకటి గమనించాలి. "రావద్దు" అన్నాడు గానీ, తీగలో కరెంటు ఉందని ఆయన చెప్పలేదు.

ఇప్పుడు చేన్లోకి వద్దాం. కంది కట్టెలు నాటి, వాటికి సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి, వాటి మీదుగా మోకాలి ఎత్తులో సన్నటి బైండింగ్ వైరు లాగారు. దానికి కొక్కెం వేసి లైను నుంచి ఒక ఫేజు ఇచ్చారు, అంటే 230 వోల్టులు. వాన పడి నేల తడిగా ఉంది. తడి కాళ్ళతో ఉన్న మనిషి ఒంటి నిరోధం వెయ్యి ఓముల దగ్గర ఉంటుందనుకుంటే, ఒంట్లోంచి పోయే కరెంటు దాదాపు పావు ఆంపియరు. గుండె లయ తప్పడానికి అందులో చిన్న వంతు చాలు. కానీ ఆ పావు ఆంపియరుకు ఏ ఫ్యూజూ పోదు. మనిషి పడిపోయినా తీగలో కరెంటు అలాగే ఉంటుంది. కాపాడబోయినవాళ్ళు కూడా ఇలాంటి చోట పోవడం అందుకే.

"సోలార్ కంచెలో షాకు ఉంటుంది కదా, దాన్ని ఎవరూ ఏమీ అనరే" అని చేను యజమాని వైపు వాళ్ళు నాతో అన్నారు. ప్రశ్న మంచిదే. సోలార్ కంచెలో బ్యాటరీ మీద నడిచే పెట్టె ఉంటుంది. వోల్టేజి వేలల్లోనే ఉంటుంది, కానీ సెకనుకు ఒక దెబ్బ చొప్పున, అదీ సెకనులో వందో వంతు కూడా ఉండకుండా ఇస్తుంది. పంది అదిరి వెనక్కి పోతుంది, మనిషి చెయ్యి లాక్కుంటాడు. లైను కరెంటు ఆగకుండా పారుతుంది, తీగ పట్టుకున్న చేతి కండరాలు బిగుసుకుపోయి వదలవు. గోడ మీద గాజు పెంకులు పెట్టడాన్ని చట్టం తప్పు పట్టకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. అవి కనిపిస్తాయి, ఎక్కితే కోసుకుంటుందని తెలుస్తుంది. చీకట్లో బైండింగ్ వైరు కనిపించదు.

పాపం, యజమాని నష్టం చిన్నదేమీ కాదు. పందుల గుంపు ఒక్క రాత్రి దిగితే కాయ ఊరిన చెట్లను పెకలించి పోతుంది, పొద్దున చూస్తే చేను దున్నినట్టు ఉంటుంది. ఆయన గురి పందుల మీదే, మనిషి మీద కాదు. ఇందులో అబద్ధం ఉందని నేను అనుకోను. కాకపోతే కోర్టు అడిగేది గురి ఒక్కటే కాదు. ఆ దారిన మనుషులు తిరుగుతారని నీకు తెలుసా లేదా అని కూడా అడుగుతుంది.

తెలుసు. చనిపోయిన రైతు కుటుంబం చెప్పేది ఇదే, ఊళ్ళో దీన్ని కాదన్నవాళ్ళు కూడా లేరు. ఆయన తెల్లారుజామున తన చేన్లో మోటారు చూసుకుని తారు రోడ్డుకు వెళ్తున్నాడు. రస్తా చుట్టు తిరిగి వెళ్తే చాలా దూరం. అందుకే ఆ గట్టు మీద అడ్డదారి. "మా తాత కాలం నుంచీ ఆ గట్టు మీందనే నడుస్తాండాం. వాళ్ళ నాయిన ఒకసారి అరిచినాడు, మళ్ళా ఏమీ అన్లేదు. మా చేన్లో పనికి వాళ్ళింటోళ్ళే ఆ దోవన వస్తాండ్రి" అని చనిపోయినాయన తమ్ముడు అన్నాడు.

ఈ మాట నిలబడితే కేసు రూపమే మారిపోతుంది. ఇంగ్లండులో 1911 లా రిపోర్టులకు ఎక్కిన లోవరీ వర్సెస్ వాకర్ కేసు ఇలాంటిదే. ఒక రైతు పొలం మీదుగా జనం ముప్పై ఐదేళ్ళుగా రైల్వే స్టేషనుకు అడ్డదారిలో నడుస్తున్నారు. రైతు అప్పుడప్పుడు కోప్పడ్డాడు గానీ గట్టిగా ఆపలేదు. నడిచేవాళ్ళలో చాలామంది ఆయన దగ్గర పాలు కొనేవాళ్ళే మరి. ఒకరోజు కరిచే గుర్రాన్ని ఏ హెచ్చరికా లేకుండా ఆ పొలంలో వదిలాడు. అది ఒకాయన్ని కరిచింది. అన్నేళ్ళు తెలిసి ఊరుకున్నావంటే ఒప్పుకున్నట్టే, వచ్చినవాడు చొరబాటుదారు కాడు అని అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు అయిన ప్రభువుల సభ తేల్చి నష్టపరిహారం ఇప్పించింది. మన గట్టు కూడా అలాంటి దారేనని తేలితే, చనిపోయిన మనిషి యజమాని ఒప్పుకోలుతో నడిచినవాడు అవుతాడు. తేలకపోయినా 1963 తీర్పు ఉండనే ఉంది. అంటే "అడిగి వచ్చినాడా" అన్న ప్రశ్నకు ఏ జవాబు వచ్చినా యజమాని బయటపడే దారి అక్కడ లేదు.

మరి హెచ్చరిక? రచ్చకట్ట దగ్గర నలుగురికీ చెప్పానని ఆయన అంటున్నాడు. చనిపోయినాయన అక్కడ ఉన్నాడో లేడో సాక్షుల మీద తేలాలి. ఇంగ్లండులో తోటల్లో తీగ తగిలితే పేలే తుపాకులు పెట్టే రోజుల్లో, 1820లో, తుపాకీ ఉందని తెలిసి వచ్చినవాడికి దావా లేదని ఒక కోర్టు చెప్పింది. బోర్డు పెడితే చాలన్నమాట. 1827లో పార్లమెంటే ఆ తుపాకులను నేరం చేసింది. రాత్రిపూట ఇల్లు కాపాడుకోవడానికి ఇంట్లో పెట్టుకునేదాన్ని మాత్రం మినహాయించింది. ప్రాణం తీసే ఉచ్చు పెట్టి ముందే చెప్పాను అనడం అప్పటికే పాతబడిన వాదన.

ఇవాళ్టి అసలు తగువు సెక్షను మీద. మొదట భారతీయ న్యాయ సంహిత 105 కింద, అంటే ప్రాణం పోతుందని తెలిసి చేసిన పనిగా కేసు పెట్టారు. ఛార్జిషీటులో అది 106 అయింది, అంటే నిర్లక్ష్యం. 105లో పదేళ్ళ దాకా, ఇంకా ఎక్కువ కూడా పడొచ్చు. 106లో గరిష్ఠం ఐదేళ్ళు, పాత 304-ఎలో రెండేళ్ళే ఉండేది. బిహార్ కేసు నిర్లక్ష్యం సెక్షను కిందే తేలింది కాబట్టి పోలీసులు చేసింది చట్టానికి మరీ దూరం కాదు. కుటుంబం మాత్రం లైను కరెంటు మనిషిని చంపుతుందని తెలియని రైతు ఈ జిల్లాలో ఎవరున్నారని అడుగుతోంది. పెద్దమనుషులు రాజీ అంటున్నారు. డబ్బు చేతులు మారినా ఈ రెండు సెక్షన్లూ రాజీ పడదగిన నేరాల జాబితాలో లేవు. పరిహారం కోసం సివిల్ దావా వేయాలంటే చనిపోయిన రోజు నుంచి రెండేళ్ళు గడువు.

కరెంటోళ్ళ సంగతి వేరే. దొంగ కనెక్షనుకు మేం జవాబుదారీ కాదని వాళ్ళంటున్నారు. మధ్యప్రదేశ్‌లో ఒకరు కొక్కెం వేసి లాగిన తీగ వాననీళ్ళు నిలిచిన రోడ్డు మీద పడి సైకిల్ మీద వెళ్ళే మనిషి చనిపోతే, అక్కడి బోర్డు ఇదే చెప్పింది. 2002లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, పరిహారం కట్టమంది. కాకపోతే అది అందరి రోడ్డు, ఇది ఒకరి చేను. ఆ తేడా ఎంత దూరం పనికొస్తుందో ఇక్కడి కోర్టులో చూడాలి.

మిగిలింది గట్టు. తీగ ఆ పొద్దున్నే మాయమైంది. పంచనామాలో ట్యూబు ముక్కలున్న ఆరు కట్టెలు, పోస్టుమార్టం రిపోర్టులో ఎడమ పిక్క మీద కాలిన గీత ఉన్నాయి. దారి ఉందా లేదా అని మొన్న సర్వేయరును పిలిచారు. ఆయన పటం పరిచి చూశాడు, అందులో రస్తా గీత లేదు. తర్వాత గట్టు ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చాడు. పొడవునా అడుగు వెడల్పున గడ్డి మొలవలేదు. దాన్ని కూడా రిపోర్టులో రాయమని కుటుంబం అడిగింది. పటంలో ఉన్నదే రాస్తానని ఆయన సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.