ఆరు దాణాలు, పదిహేను పోలికలు

గణాంక విశ్లేషణకు విరివిగా వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే దత్తాంశాల్లో chickwts అనే చిన్న పట్టిక ఒకటి ఉంది. అప్పుడే పొదిగిన కోడిపిల్లలను యాదృచ్ఛికంగా ఆరు గుంపులుగా విడదీసి, ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క రకం దాణా పెట్టి, ఆరు వారాల తరువాత తూచిన బరువులు అందులో ఉన్నాయి. మొత్తం 71 పిల్లలు. గుంపుకు 10 నుంచి 14 వరకు. సగటు బరువులు గ్రాముల్లో ఇలా వచ్చాయి: పొద్దుతిరుగుడు 328.9, పాల నుంచి తీసే కేసీన్ 323.6, మాంసపు పొడి 276.9, సోయా 246.4, అవిసె 218.8, హార్స్‌బీన్ అనే చిక్కుడు జాతి గింజ 160.2.

ఇలాంటి పట్టిక చేతికి రాగానే చేసే మొదటి పని విస్తృతి విశ్లేషణ, అంటే అందరూ అనోవా అని పిలిచే పరీక్ష. గుంపుల సగటుల మధ్య ఉన్న చెదురు, ఒకే గుంపులోని పిల్లల మధ్య సహజంగా ఉండే చెదురు కంటే ఎన్ని రెట్లు ఉందో అది కొలుస్తుంది. ఇక్కడ ఆ నిష్పత్తి, అంటే ఎఫ్ విలువ, 15.36. ఆరు దాణాలూ నిజానికి ఒకే ఫలితాన్ని ఇచ్చేవే అయితే ఇంత పెద్ద విలువ కేవలం యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత, అంటే పి-విలువ, వంద కోట్లలో ఒక వంతు కంటే తక్కువ. కాబట్టి ఆరు సగటులూ సమానం అన్న పరికల్పనను నిస్సందేహంగా పక్కన పెట్టవచ్చు.

అయితే అనోవా చెప్పినది అంతవరకే. ఎక్కడో ఒకచోట తేడా ఉందని చెప్పిందే కాని, ఏ దాణాకూ ఏ దాణాకూ మధ్య ఉందో చెప్పలేదు. కోళ్లు పెంచేవారికి కావలసింది ఆ రెండో సమాధానమే. ఆరు గుంపులను రెండేసి చొప్పున పోలిస్తే పదిహేను జతలు వస్తాయి. ఒక్కొక్క జతకు, ఆరు గుంపుల చెదురునూ కలిపి వాడుతూ, రెండు సగటులను పోల్చే మామూలు టీ-పరీక్ష చేసి, పి-విలువ 0.05 కంటే తక్కువ ఉన్న ప్రతిదాన్నీ సార్థకమైన తేడాగా ప్రకటించడం సులభం. ఆ పని చేస్తే ఈ దత్తాంశంలో పదిహేనింటిలో పన్నెండు జతలు సార్థకమవుతాయి.

0.05 అన్న గీతకు ఉన్న అర్థం ఒక్కటే: నిజంగా తేడా లేని ఒక జతను పరీక్షించినప్పుడు, తేడా ఉందని పొరబడే అవకాశం ఇరవైకి ఒకటి. పదిహేను సార్లు ఆ అవకాశం ఇస్తే వాటిలో కనీసం ఒక్కసారైనా పొరబడే సంభావ్యత ఎంత? కలిపి అడుగుతున్న ఈ పోలికలన్నిటినీ ఒక కుటుంబం అనుకుంటే, ఆ కుటుంబంలో ఒక్క తప్పుడు ప్రకటనైనా దొర్లే సంభావ్యతను కుటుంబ పొరపాటు రేటు అంటారు. పదిహేను పరీక్షలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే ఈ రేటు 1 − 0.95¹⁵, అంటే 54 శాతం. చాలా పాఠాల్లో ఈ అంకెనే చూపుతారు గాని, అది ఇక్కడ సరిగ్గా వర్తించదు. అవిసె సగటు యాదృచ్ఛికంగా కాస్త తగ్గిందంటే అవిసె ఉన్న ఐదు జతలూ కలిసే కదులుతాయి కాబట్టి జతల పరీక్షలు స్వతంత్రమైనవి కావు. ఆ సంబంధాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఆరు గుంపులూ నిజానికి సమానమైనప్పుడు కుటుంబ పొరపాటు రేటు మూడో వంతును కొద్దిగా దాటుతుంది. 54 కంటే తక్కువే, కాని మనం అనుకున్న 5 శాతానికి ఏడు రెట్లు.

ఇక్కడ సహజంగానే ఒక వాదన వస్తుంది. ముందు అనోవా సార్థకమైతేనే జతల పోలికకు దిగుతున్నాం కదా, ఆ మొదటి పరీక్షే ద్వారపాలకుడిలా కాపాడుతుంది కదా అని. ఇది తేలిగ్గా తీసిపారేయవలసిన వాదన కాదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో పనిచేసిన రోనాల్డ్ ఫిషర్ పేరుతో 1935 నుంచి చెప్పుకొంటున్న కనిష్ఠ సార్థక భేద పద్ధతి సరిగ్గా ఈ రెండంచెల పద్ధతే. అన్ని సగటులూ నిజంగా సమానమైనప్పుడు వందలో తొంభై అయిదు సార్లు అనోవా తలుపు మూసే ఉంచుతుంది, కనుక ఆ ఒక్క పరిస్థితిలో రక్షణ నిజమే. గుంపులు మూడే ఉన్నప్పుడు కూడా ఈ పద్ధతి కుటుంబ పొరపాటు రేటును పూర్తిగా అదుపులో ఉంచుతుంది. మూడింటిలో ఒకటి వేరైతే మిగిలేది ఒకే ఒక్క జత కాబట్టి.

మూడు గుంపులు దాటాక ఆ రక్షణ విఫలమవుతుంది. కోడిపిల్లల ప్రయోగాన్నే కొద్దిగా మార్చి ఊహించుకుందాం. హార్స్‌బీన్ ఒక్కటే నిజంగా చాలా నాసిరకపు దాణా అనీ, మిగతా ఐదూ అచ్చంగా ఒకేలాంటివనీ అనుకుందాం. హార్స్‌బీన్ సగటు అంత దిగువన ఉన్నందువల్ల అనోవా దాదాపు ప్రతిసారీ సార్థకమవుతుంది. అంటే తలుపు ఒక్క హార్స్‌బీన్ కారణంగా తెరుచుకుంటుంది, కాని తెరుచుకున్న తలుపులోంచి మిగతా ఐదింటి మధ్య ఉన్న పది జతలూ ఏ అడ్డూ లేకుండా లోపలికి వస్తాయి. ఆ పదింటిలో ఒక్కదానిలోనైనా లేని తేడాను ఉన్నట్లు ప్రకటించే సంభావ్యత నాలుగో వంతుకు పైనే. తేడా ఎక్కడో ఉందని తేలిన తరువాత మిగతావాటి మధ్య కూడా ఉందనుకోవడానికి ఆ మొదటి పరీక్ష ఏ సాక్ష్యమూ ఇవ్వలేదు.

ఈ విషయాన్ని నేను ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. మన దేశంలో వ్యవసాయ పరిశోధన పత్రాల పట్టికల అడుగున తరచుగా కనిపించే సీడీ, అంటే క్రిటికల్ డిఫరెన్స్, అనే అంకె ఈ ఫిషర్ భేదమే. పది పన్నెండు వంగడాలను పోల్చిన పట్టికలో కూడా ఆ ఒక్క అంకెను పట్టుకుని, అంతకు మించి తేడా ఉన్న ప్రతి జతనూ సార్థకమని రాయడం ఆనవాయితీ అయింది. పన్నెండు వంగడాలంటే అరవై ఆరు జతలు. డంకన్ 1955లో ప్రతిపాదించిన బహుళ వ్యాప్తి పరీక్షను వాడినా ఆ లోపం పూర్తిగా తీరదు. ఆరు గుంపులకు ఆ పద్ధతి అనుమతించే పొరపాటు రేటే దాదాపు 23 శాతం.

అమెరికన్ గణాంక శాస్త్రవేత్త జాన్ ట్యూకీ 1953లో చూపిన మార్గం ప్రశ్ననే మార్చేస్తుంది. జతలను ఒక్కొక్కటిగా లెక్కించే బదులు, ఆరు సగటుల్లో అతి పెద్దదానికీ అతి చిన్నదానికీ మధ్య దూరం యాదృచ్ఛికంగా ఎంతవరకు పెరగవచ్చో ఆయన అడిగాడు. తేడా లేని గుంపుల్లో అన్నిటికంటే పెద్ద దూరమే ఒక గీతను నూటికి ఐదు సార్లకు మించి దాటకపోతే, దానికంటే చిన్న దూరాలేవీ అంతకు మించి దాటవు. అందువల్ల పదిహేను జతలకూ ఒకేసారి రక్షణ దొరుకుతుంది. మన ప్రయోగంలోలా గుంపుల పరిమాణాలు వేరుగా ఉన్నప్పుడు 1956లో క్రామర్ చెప్పిన సవరణను కలుపుతారు. ఆర్‌లో ఈ పని మూడు పంక్తులతో అయిపోతుంది:

```
fit <- aov(weight ~ feed, data = chickwts)
summary(fit)
TukeyHSD(fit)
```

లోపల జరిగేదేమిటో ఒక జతను తీసుకుని చూద్దాం. అవిసెకూ హార్స్‌బీన్‌కూ సగటుల తేడా 58.55 గ్రాములు. ఆరు గుంపులనూ కలిపి లెక్కించిన ప్రామాణిక విచలనం సుమారు 54.9 గ్రాములు, అవిసె గుంపులో 12, హార్స్‌బీన్ గుంపులో 10 పిల్లలు ఉన్నందున ఈ తేడా యాదృచ్ఛికంగా ఎంత ఊగవచ్చో చెప్పే ప్రామాణిక దోషం 23.5 గ్రాములు వస్తుంది. ఒంటరి టీ-పరీక్షకు దాదాపు 2.0 ప్రామాణిక దోషాలు, అంటే 47 గ్రాముల తేడా చాలు; 58.55 ఆ గీతను దాటుతుంది, పి-విలువ 0.015. ట్యూకీ గీత 2.94 ప్రామాణిక దోషాల దగ్గర, అంటే 69 గ్రాముల దగ్గర ఉంది. 58.55 దాన్ని చేరలేదు, సవరించిన పి-విలువ 0.14. అనుమతించిన 0.05ను పదిహేనుతో భాగించే బాన్‌ఫెరోని పద్ధతి గీతను 3.05 దగ్గర ఉంచుతుంది. జతలన్నీ పోల్చేటప్పుడు ట్యూకీ గీత దానికంటే కొంచెం దిగువన ఉండడానికి కారణం, పైన చెప్పుకున్న జతల పరస్పర సంబంధాన్ని ట్యూకీ లెక్కలోకి తీసుకోవడమే.

ఈ విధంగా పన్నెండు సార్థక జతల్లో నాలుగు జారిపోయి ఎనిమిది మిగులుతాయి. జారిపోయినవి అవిసె–హార్స్‌బీన్, మాంసపు పొడి–అవిసె, పొద్దుతిరుగుడు–మాంసపు పొడి, కేసీన్–మాంసపు పొడి. బాన్‌ఫెరోనితో చేసినా, 1979లో హోమ్ ఇచ్చిన మెట్ల పద్ధతితో చేసినా మిగిలేవి ఆ ఎనిమిదే. ఇలా మూడు పద్ధతులూ ఒకే మాట చెప్పడం ప్రతి దత్తాంశంలోనూ జరగదు. ఇక్కడ మిగిలిన తేడాలు గీతకు చాలా దూరంగా ఉండడం వల్ల అలా జరిగింది.

ఫలితాన్ని చదివేటప్పుడు చాలామందిని తికమకపెట్టే సంగతి మాంసపు పొడి విషయంలో ఎదురవుతుంది. పొద్దుతిరుగుడుకూ మాంసపు పొడికీ సార్థకమైన తేడా లేదు, మాంసపు పొడికీ అవిసెకూ లేదు, కాని పొద్దుతిరుగుడుకూ అవిసెకూ ఉంది. ఇది లెక్కలో లోపం కాదు. సార్థకం కాలేదంటే సమానమని అర్థం కాదు, చేతిలో ఉన్న పిల్లల సంఖ్యతో ఆ తేడాను నమ్మకంగా చూపలేకపోయామని మాత్రమే అర్థం. 52 గ్రాముల తేడాను చూపలేని ప్రయోగం 110 గ్రాముల తేడాను తేలికగా చూపగలదు. పట్టికల్లో సగటుల పక్కన వేసే అక్షరాలు ఈ అతివ్యాప్తిని సూచించడానికే: పొద్దుతిరుగుడుకు, కేసీన్‌కు ఎ, మాంసపు పొడికి ఎబి, సోయాకు బి, అవిసెకు బిసి, హార్స్‌బీన్‌కు సి.

కుటుంబంలో ఎన్ని పోలికలు ఉన్నాయన్నది దత్తాంశం చూడకముందే తేల్చుకోవలసిన విషయం. కేసీన్‌ను ప్రమాణంగా పెట్టుకుని మిగతా ఐదింటినీ దానితో మాత్రమే పోల్చాలని ముందే నిర్ణయించుకుంటే, 1955 నాటి డన్నెట్ పరీక్ష సరిపోతుంది. ఐదు పోలికలే కాబట్టి దాని గీత ట్యూకీ గీత కంటే దిగువన ఉంటుంది. అలా కాక, సగటులు చూసిన తరువాత అన్నిటికంటే పెద్ద తేడా ఉన్న జతను ఎంచుకుని, చేసింది ఒకే పరీక్ష అని చెప్పుకుంటే లెక్క తప్పుతుంది. కళ్లతో పదిహేనింటినీ వెతికి తీసిన జత అది, కాగితం మీద ఒక్కటే కనిపించినా కుటుంబం పరిమాణం పదిహేనే. గుంపుల చెదురు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు కూడా ట్యూకీ గీత నమ్మదగినది కాదు. ఈ కోడిపిల్లల్లో గుంపుల విచలనాలు 39 నుంచి 65 గ్రాముల మధ్య ఉన్నాయి కాబట్టి ఇబ్బంది పెద్దది కాదు గాని, అంతకు మించి తేడా ఉంటే ప్రతి జతకూ దాని సొంత విస్తృతినే వాడే గేమ్స్–హోవెల్ పద్ధతి మంచిది.

ఇక అవిసె–హార్స్‌బీన్ జత గురించి నివేదికలో ఏమి రాయాలి? ఆ మూడు పంక్తులు పి-విలువతో పాటు ఒక విశ్వాస అంతరాన్ని కూడా ఇస్తాయి, పదిహేను అంతరాలూ ఒకేసారి నిజాన్ని కలిగి ఉండే సంభావ్యత 95 శాతం ఉండేటట్లు. ఈ జతకు అది −10.4 నుంచి 127.5 గ్రాముల వరకు ఉంది. అవిసె తిన్న పిల్లలు హార్స్‌బీన్ తిన్నవాటి కంటే పది గ్రాములు తక్కువ తూగవచ్చు, నూట ఇరవై ఏడు గ్రాములు ఎక్కువ తూగవచ్చు; 22 పిల్లలతో తెలిసింది ఇంతే.