కొటేషన్ గుర్తులు: వ్యాసాలు దిద్దుతుంటే కనిపించే అపోహలు, వాస్తవాలు

వ్యాసాలు దిద్దేటప్పుడు అక్షరదోషాల కంటే కొటేషన్ గుర్తుల దగ్గరే నాకు ఎక్కువ టైమ్ పడుతుంది. ఇంగ్లీషు క్లాసులో నేర్చుకున్న రూల్స్‌ని చాలామంది తెలుగు వాక్యానికి తగిలించేస్తారు. చిక్కంతా అక్కడే.

అపోహ: ఫుల్‌స్టాప్ ఎప్పుడూ కొటేషన్ లోపలే ఉండాలి.

అది అమెరికన్ ఇంగ్లీషు పద్ధతి. బ్రిటిష్ పద్ధతిలో ఆ ఫుల్‌స్టాప్ ఎత్తి రాసిన మాటలో భాగమైతేనే లోపల ఉంటుంది. తెలుగులో ఈ తగువు చాలావరకు రానే రాదు. మనకు క్రియ చివర వస్తుంది కాబట్టి ఎత్తి రాసిన మాట వాక్యం నడుమే ఉండిపోతుంది.

“నేను రేపు వస్తాను” అని చెప్పాడు.

ఇక్కడ ఫుల్‌స్టాప్ ఒక్కటే, అదీ ‘చెప్పాడు’ తర్వాత. ‘వస్తాను’ పక్కన ఇంకొకటి పెడితే వాక్యం సగంలో ఆగిపోతుంది. ‘అని’కి ముందు కామా కూడా అక్కర్లేదు.

ప్రశ్నార్థకం సంగతి వేరు. ప్రశ్న ఎవరిదో చూసుకోవాలి. “ఎప్పుడు వస్తావు?” అని అడిగింది అన్నప్పుడు ప్రశ్న ఆమెది, గుర్తు లోపలే ఉండాలి. ఆయన నిజంగా “నేను రాను” అన్నారా? అన్నప్పుడు ప్రశ్న రాసేవాళ్లది, గుర్తు బయటికి వస్తుంది.

అపోహ: ‘అని’ వచ్చిందంటే కొటేషన్ పెట్టాల్సిందే.

ఎవరో ఏదో అన్నారని చెప్పడానికి ‘అని’ ఒక్కటే చాలు. కొటేషన్ గుర్తులు పెడితే, లోపలున్నవి అక్షరం మార్చని వాళ్ల సొంత మాటలని పాఠకుడికి హామీ ఇచ్చినట్టు. మాటలు సరిగ్గా గుర్తులేకపోతే గుర్తులు తీసేసి, తాను రేపు వస్తానని చెప్పాడు అని రాసుకోవచ్చు. ‘నేను’ కాస్తా ‘తాను’ అయింది, ‘వస్తాను అని’ కలిసి ‘వస్తానని’ అయింది. గుర్తులు ఉన్నప్పుడు మాత్రం ఆ సంధి చేయకూడదు. “వస్తాన”ని అని రాస్తే అవతలి మనిషి మాట తోక కోసినట్టే.

అపోహ: కవిత్వం ఎత్తి రాస్తే చరణం మొత్తం రాయాలి, ముందు ‘ఇలా అన్నారు’ ఉండాలి.

గురజాడ ‘దేశభక్తి’ గేయంలోని చరణాలు వ్యాసాల్లో ఎలా వస్తాయో చూడండి:

గురజాడ ఇలా అన్నారు: “దేశమంటే మట్టికాదోయ్, దేశమంటే మనుషులోయ్” అని. ఈ మాటలు ఎంతో గొప్పవి.

‘ఇలా’, ‘అని’ రెండూ ఒకే పని చేస్తున్నాయి, ఒకటి ఉంటే చాలు. అంతకంటే పెద్ద లోపం, కొటేషన్ తర్వాత వాదం ముందుకు కదలలేదు. పొగడ్త దగ్గరే ఆగిపోయింది. వ్యాసం ఊళ్లో బడి మూతపడటం గురించి అనుకుందాం. అప్పుడు నేనైతే ఇలా దిద్దుతాను:

రోడ్డు వేశామని లెక్క చూపిస్తున్నారు సరే, బడి మూతపడి చదువు మానేసిన పిల్లలు ఆ లెక్కలో ఎక్కడున్నారు? “దేశమంటే మనుషులోయ్” అన్న గురజాడ మాట ప్రకారం చూస్తే ఆ లెక్కలో దేశమే లేదు.

వాదానికి అక్కరకొచ్చేది రెండో సగమే కాబట్టి అంతే తీసుకున్నాను. ‘అన్న’ వంతెనలా నిలబడి దాన్ని నా వాక్యానికి కలిపింది. కోతలో ఒక జాగ్రత్త మాత్రం ఉండాలి. తెలుగులో వ్యతిరేకార్థం తరచూ మాట చివర వస్తుంది. మొదటి సగాన్ని “దేశమంటే మట్టి” దగ్గర కోశారా, కవి చెప్పినదానికి సరిగ్గా ఎదురు అర్థం వస్తుంది. కోశాక ఒకసారి మూలం పక్కన పెట్టుకుని చదవండి.

అపోహ: విభక్తి ప్రత్యయాన్ని కొటేషన్ లోపలే కలిపేయాలి.

ప్రత్యయం మనది, మాట వాళ్లది. అందుకే “మట్టి”ని, “మట్టి”తో అని బయట తగిలిస్తాం, మధ్యలో ఖాళీ లేకుండా. ఇది అన్ని మాటలకూ కుదరదు. ‘ఇల్లు’కి ‘లో’ చేరితే ‘ఇంట్లో’ అవుతుంది, ‘దేశం’ కాస్తా ‘దేశాన్ని’ అవుతుంది. “ఇల్లు”లో అని రాస్తే చెవికి గుచ్చుకుంటుంది, “ఇంట్లో” అంటే ఎత్తి రాసిన మాట మారిపోతుంది. అలాంటప్పుడు “ఇల్లు” అన్న మాటలో, “దేశం” అనే పదాన్ని అని రాస్తే చిక్కు వదులుతుంది. “మనుషులోయ్” లాంటి పిలుపుకైతే ప్రత్యయం అసలు అతకదు. అక్కడ ‘అన్న’ తప్ప దారి లేదు.

అపోహ: నొక్కి చెప్పాలంటే కొటేషన్ పెట్టాలి.

“స్వచ్ఛమైన” నెయ్యి అమ్మబడును అని బోర్డు పెడితే నేనైతే ఆ షాపులో కొనను. వ్యాసంలోనూ అంతే, “గొప్ప” నాయకుడు అంటే వెటకారంగానే వినిపిస్తుంది.

టైపింగ్‌లో ఒకటి చూసుకోండి. మూసే గుర్తుకు ముందు పొరపాటున స్పేస్ పడితే, వర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్ దాన్ని తెరిచే గుర్తుగా మార్చేస్తుంది. ప్రింట్ తీశాక రెండు గుర్తులూ ఒకే వైపు తిరిగి కనిపిస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఆ స్పేసే.