ఈశాన్య మూలలో మూడు పిక్సెళ్లు

పైనుంచి చూసే 2డి గేమ్‌లో మ్యాప్ గళ్ల కాగితం లాంటిది. ఏ గడిలో గడ్డి ఉంది, ఏ గడిలో నీళ్లు ఉన్నాయి అన్నంత వరకే మనం రాసిపెడతాం. ఒడ్డు దగ్గర ఏ టైల్ బొమ్మ పడాలో ప్రోగ్రామే తేల్చుకుంటుంది. దీన్నే ఆటోటైలింగ్ అంటారు.

తేలికైన పద్ధతిలో గడ్డి గడికి నాలుగు వైపులే చూస్తారు. ఉత్తరాన గడ్డి ఉంటే 1, తూర్పున 2, దక్షిణాన 4, పడమర 8. వీటిని కూడితే 0 నుంచి 15 లోపు ఒక అంకె వస్తుంది, అదే బొమ్మ నంబరు. ఉత్తరం, తూర్పు మాత్రమే గడ్డి అయితే 3. ఆ బొమ్మలో దక్షిణం, పడమర అంచుల్లో ఇసుక గీస్తాం. మొత్తం 16 బొమ్మలతో పని అయిపోతుందనిపిస్తుంది.

చెరువు మూల దగ్గరికి వచ్చేసరికి తేడా కొడుతుంది. ఒక గడికి నాలుగు వైపులా గడ్డే, ఈశాన్యాన మాత్రం నీళ్లు అనుకుందాం. కూడితే 15, అంటే నిండు గడ్డి బొమ్మ. దాని పై గడికి తూర్పున నీళ్లు కాబట్టి ఆ గడి కుడి అంచున మూడు పిక్సెళ్ల ఇసుక పట్టీ కిందిదాకా దిగుతుంది. కుడి గడికి ఉత్తరాన నీళ్లు కాబట్టి అక్కడ పై అంచున మరో పట్టీ ఉంటుంది. ఆ రెండూ కలవాల్సిన చోటు మన గడి ఈశాన్య మూలలోనే ఉంది. అక్కడ 3×3 పిక్సెళ్ల ఇసుక లేకపోతే ఒడ్డు తెగినట్టు కనిపిస్తుంది.

అందుకే మూలలు కూడా చూడాలి. ఎనిమిది దిక్కులంటే 256 రకాలు, అన్ని బొమ్మలు ఎవరు గీస్తారు? అదృష్టవశాత్తూ అవసరం లేదు. ఉత్తరాన నీళ్లుంటే పై అంచంతా ఎలాగూ ఇసుకే, ఈశాన్యంలో ఏముందన్నది బొమ్మను మార్చదు. మూలకు ఆనుకున్న రెండు వైపులూ గడ్డి అయితేనే ఆ మూలను లెక్కలోకి తీసుకోవాలి:

```
if not (n and e): ne = 0
```

మిగతా మూడు మూలలకూ ఇంతే. ఇప్పుడు లెక్కేద్దాం. ఏ వైపూ గడ్డి లేకపోతే 1 రకం. ఒక్క వైపే అయితే 4. ఎదురెదురు వైపులైతే 2. పక్కపక్క వైపులైతే నాలుగు జంటలు, ఒక్కోదానికి మూల ఉండొచ్చు, లేకపోవచ్చు, కాబట్టి 8. మూడు వైపులైతే 16, నాలుగూ అయితే 16. మొత్తం 47.

బొమ్మలన్నీ సరిగ్గా ఉన్నా మ్యాప్ చుట్టూ ఇసుక గీత వచ్చిందంటే, అంచు అవతల గడులు లేవు కదా అని వాటిని నీళ్ల కింద లెక్కేశారని అర్థం. బయట కూడా ఈ గడిలో ఉన్నదే ఉందనుకుంటే సరిపోతుంది. ఆట మధ్యలో ఒక గడి మారిస్తే చుట్టూ ఉన్న ఎనిమిదింటినీ కలిపి తొమ్మిది గడులు మళ్లీ లెక్కించాలి. మూలల్ని మర్చిపోతే తవ్విన చోట ఒడ్డు అతుకులు కనిపిస్తాయి.

ఒక్క విషయం బొమ్మలతో తేలదు. రెండు గడ్డి గడులు మూలతోనే ఆనుకుని, చుట్టూ నీళ్లుంటే, రెండూ 0 నంబరు బొమ్మే తీసుకుని విడి దీవుల్లా కనిపిస్తాయి. అలాంటప్పుడు ఆటగాడు ఒకదాన్నుంచి ఇంకోదానికి ఏటవాలుగా దాటకుండా నడక కోడ్‌లోనూ ఇదే నియమం పెట్టాలి.