రష్యన్‌లో ‘ఎక్కడ’, ‘ఎక్కడికి’: మనవాళ్లలో ఉన్న అపోహలు, వాస్తవాలు

రష్యాలో మెడిసిన్ చదవడానికి వెళ్లే మన పిల్లలకి నేను రష్యన్ నేర్పుతాను. మొదటి రెండు నెలల్లో వాళ్లు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ‘వ్’ (లో), ‘న’ (మీద) అనే రెండు చిన్న మాటల దగ్గరే వస్తాయి. వీటి తర్వాత వచ్చే నామవాచకం ఒక్కోసారి ద్వితీయా విభక్తిలో ఉంటుంది, ఒక్కోసారి ప్రెపోజిషనల్ అనే విభక్తిలో ఉంటుంది. చేరే చోటు చెప్పాలంటే ద్వితీయ, ఉన్న చోటు చెప్పాలంటే ప్రెపోజిషనల్. సూత్రం ఇంతే. కానీ దీన్ని మనం తెలుగులోంచి అర్థం చేసుకునే తీరులోనే చిక్కు ఉంది.

ముందుగా ఒక మాట. కింద రష్యన్ మాటల్ని పలికినట్టు కాకుండా వాళ్లు రాసే అక్షరాల ప్రకారం రాస్తున్నాను. విషయమంతా చివరి అక్షరంలోనే ఉంది కాబట్టి అది స్పష్టంగా కనపడాలి.

అపోహ: మనకి ‘లోకి’, ‘లో’ ఉన్నాయి కదా. ‘లోకి’ అంటే ద్వితీయ, ‘లో’ అంటే ప్రెపోజిషనల్. తెలుగువాళ్లకి ఇది చాలా సులువు.

సగం నిజం. ‘గదిలోకి వెళ్లాను’, ‘గదిలో ఉన్నాను’ వరకు ఈ లెక్క చక్కగా పనిచేస్తుంది. కానీ ‘పుస్తకం టేబుల్ మీద పెట్టు’, ‘పుస్తకం టేబుల్ మీద ఉంది’ అనే రెండు వాక్యాలు చూడండి. రెండింట్లోనూ ‘మీద’ అనే అంటాం. ‘సంచిలో వెయ్యి’, ‘సంచిలో ఉంది’ కూడా అంతే. ‘కుర్చీలో కూర్చోండి’ అంటామే తప్ప ‘కుర్చీలోకి’ అనం. రష్యన్ ఇక్కడ ఊరుకోదు.

‘పొలొజీ క్నీగు న స్తోల్’ అంటే పుస్తకం టేబుల్ మీద పెట్టు. ‘క్నీగా ల్యెజీత్ న స్తోల్యె’ అంటే పుస్తకం టేబుల్ మీద ఉంది. మొదటిదాంట్లో స్తోల్, రెండోదాంట్లో స్తోల్యె. పెట్టడానికి ముందు పుస్తకం ఆ టేబుల్ మీద లేదు, పెట్టాక ఉంది. అంటే పుస్తకం అక్కడికి చేరింది. రష్యన్‌కి కావలసింది ఆ చేరడమే.

మన పిల్లలకి అందరికంటే ముందు అవసరమయ్యే వాక్యంలోనే ఈ తేడా ఉంది. ‘యూనివర్సిటీలో చేరాను’ అని మనం అంటాం. అందులో ‘లో’ ఉంది కాబట్టి ప్రెపోజిషనల్ అనుకుని ‘ఉనివెర్సితెత్యె’ అనేస్తారు. కానీ ‘యా పొస్తుపీల్ వ్ ఉనివెర్సితెత్’ అనాలి. బయట ఉన్నవాడు లోపలికి వచ్చాడు కాబట్టి ద్వితీయ. చేరిన తర్వాత అక్కడ చదువుతున్నానని చెప్పాలంటే ‘యా ఉచూస్ వ్ ఉనివెర్సితెత్యె’.

అపోహ: సందేహం వస్తే ‘ఎక్కడ?’, ‘ఎక్కడికి?’ అని ప్రశ్న వేసుకుంటే చాలు.

రష్యన్ పుస్తకాలన్నీ చెప్పేది ఇదే: ‘కుదా’ (ఎక్కడికి) అయితే ద్వితీయ, ‘గ్ద్యె’ (ఎక్కడ) అయితే ప్రెపోజిషనల్. సలహా సరైనదే, కానీ ఆ ప్రశ్న రష్యన్‌లో వేసుకోవాలి. తాళాలు కనపడకపోతే మనం ‘ఎక్కడ పెట్టావు?’ అంటాం, ‘ఎక్కడికి పెట్టావు?’ అనం. అదే రష్యన్ తల్లి కొడుకుని అడిగితే ‘కుదా’ అనే అడుగుతుంది. తెలుగులో ప్రశ్న వేసుకున్న క్షణంలోనే జవాబు తప్పిపోతుంది.

అందుకే నేను క్లాసులో వేరే పరీక్ష పెడతాను. పని మొదలయ్యే ముందు మనిషి, లేదా వస్తువు, ఆ చోట ఉందా? లేకుండా ఉండి, పని వల్ల అక్కడికి చేరితే ద్వితీయ. ముందునుంచే అక్కడ ఉంటే ప్రెపోజిషనల్. పది వాక్యాల్లో తొమ్మిదింటికి ఇది సరిపోతుంది.

సరిపోనివి కూడా కొన్ని ఉన్నాయి. హోటల్లో దిగడాన్ని చెప్పే ‘ఒస్తనొవీత్స్య’ అనే క్రియకి అసలు అర్థం ఆగడం. అందుకని దాని తర్వాత ప్రెపోజిషనల్ వస్తుంది. దాచడాన్ని చెప్పే ‘స్ప్ర్యాతత్’ తర్వాత రెండూ వస్తాయి: బీరువాలోకి పంపడం మనసులో ఉంటే ద్వితీయ, ఆ వస్తువు ఉండే చోటు మనసులో ఉంటే ప్రెపోజిషనల్. ఇలాంటివి క్రియతో పాటే గుర్తుపెట్టుకోవాలి.

అపోహ: కదలిక ఉన్న క్రియ వస్తే ద్వితీయే.

ఇది చాలామంది నోట్సులో రాసుకున్న వాక్యం. దయచేసి కొట్టేయండి. ‘యా గుల్యాయు వ్ పార్క్యె’ అంటే పార్కులో నడుస్తున్నాను. కాళ్లు కదులుతూనే ఉన్నాయి, అయినా ప్రెపోజిషనల్, ఎందుకంటే మనిషి పార్కు దాటి ఎక్కడికీ పోవడం లేదు. పిల్లాడు మంచం మీదికి దూకితే ‘న క్రొవాత్’, మంచం మీదే ఎగురుతుంటే ‘న క్రొవాతి’. క్రియ అదే, చెప్పే విషయం వేరు.

ఈ అపోహ పోవడానికి నేను బోర్డు మీద ఒకే వాక్యం రాస్తాను: ‘యా యేదు న వొక్జాల్ న అవ్తోబుస్యె’. బస్సులో స్టేషన్‌కి వెళ్తున్నాను అని అర్థం. క్రియ ఒకటే, ‘న’ రెండుసార్లు వచ్చింది. స్టేషన్ చేరాల్సిన చోటు కాబట్టి ద్వితీయ, వొక్జాల్. బస్సులో ఇప్పటికే కూర్చుని ఉన్నాను కాబట్టి ప్రెపోజిషనల్, అవ్తోబుస్యె. ఒకసారి ఒక అమ్మాయి రెండింటికీ ‘యె’ చేర్చి ‘న వొక్జాల్యె’ అంది. అలా అంటే బయల్దేరిన మనిషి స్టేషన్‌లోనే ఉండిపోయినట్టు వినిపిస్తుంది. వినేవాళ్లకి విషయం తెలుస్తుంది, కానీ ఒక్క క్షణం ఆగి సర్దుకోవాల్సి వస్తుంది.

అపోహ: మాట మారకుండా అలాగే ఉంటే అందులో విభక్తి లేనట్టే.

స్తోల్, వొక్జాల్, ఉనివెర్సితెత్ లాంటి ప్రాణం లేని పుంలింగ పదాలకి ద్వితీయ, ప్రథమ ఒకే రూపంలో ఉంటాయి. అందుకే పిల్లలకి ఏదో వదిలేశామన్న టెన్షన్ పట్టుకుని అనవసరంగా ‘యె’ తగిలిస్తారు. స్త్రీలింగంలో తేడా కంటికి కనపడుతుంది: ‘వ్ ష్కోలు’ బడికి, ‘వ్ ష్కోల్యె’ బడిలో. రష్యాకి ‘వ్ రొస్సీయు’, రష్యాలో ‘వ్ రొస్సీఇ’. కాఫే, మెట్రో లాంటి అరువు మాటలు మాత్రం ఏ విభక్తిలోనూ మారవు.

ఇంకో చిన్న సంగతి. అడవి అంటే ల్యెస్, కానీ అడవిలో అనాలంటే ‘వ్ ల్యెసు’. వంతెన మీద ‘న మొస్తు’, నేల మీద ‘న పొలు’. ఈ చివరి ‘ఉ’ ని చూసి ష్కోలు లాగే ఇదీ ద్వితీయ అనుకోకండి. ఇవన్నీ ఉన్న చోటుని చెప్పేవే. ఈ ‘ఉ’ మీద ఎప్పుడూ గట్టిగా ఒత్తు పడుతుంది.

చివరగా, ఆస్పత్రి డ్యూటీలో రోజూ వాడాల్సిన జంట. పేషెంటుని పరీక్షించే బల్ల కుషెత్క. ‘బల్ల మీద పడుకోండి’ అనడానికి ‘లొజీత్యెస్ న కుషెత్కు’. ‘పేషెంట్ బల్ల మీద పడుకుని ఉన్నాడు’ అని డాక్టరుకి చెప్పడానికి ‘ల్యెజీత్ న కుషెత్క్యె’. పడుకోవడం, పడుకుని ఉండటం రష్యన్‌లో రెండు వేరు క్రియలు. కూర్చోవడం, కూర్చుని ఉండటం, తగిలించడం, వేలాడుతూ ఉండటం కూడా అంతే. వీటిని ఒక్కొక్కటిగా కాకుండా జంటలుగా, ఒక్కోదాని పక్కన ఒక్కో చిన్న వాక్యంతో రాసుకోమంటాను. ఎడమవైపు వాక్యాలన్నీ ద్వితీయతో, కుడివైపువన్నీ ప్రెపోజిషనల్‌తో ఉంటాయి.