చీలమండ వాపు సరే, ముఖం ఎందుకు ఉబ్బింది?

గర్భం 34వ వారంలో ఉన్న ఒక పాఠకురాలి ప్రశ్న: "సాయంత్రానికి చీలమండలు వాచేవి, పొద్దునకు తగ్గేవి. ఇప్పుడు నిద్ర లేచేసరికే ముఖం ఉబ్బి ఉంటోంది, తలనొప్పి వదలడం లేదు. ఇదీ మామూలేనా?" మామూలే అనుకుని ఊరుకోకూడదు. ఈరోజే బీపీ చూపించుకోవాలి, తర్వాతి చెకప్ దాకా ఆగవద్దు.

సాయంత్రపు వాపు ఒత్తిడి వల్ల వచ్చేది. పెరిగిన గర్భాశయం పెద్ద సిరను నొక్కుతుంది. కాళ్లలో రక్తం నిలిచి, అందులోని నీరు కణజాలంలోకి ఊరుతుంది. ఒక పక్కకు తిరిగి పడుకుంటే తగ్గుతుంది. ముఖానికి ఈ లెక్క సరిపోదు. ముఖం నిండుదనం చూసి పుట్టేది ఆడో మగో చెప్పే జోస్యులు బీపీ యంత్రం పట్టుకుంటే ఎంత బాగుండును!

అసలు కథ కడుపులో బిడ్డను పోషించే మాయలో ఉంది. రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండాలంటే దానికి వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ సంకేతం నిత్యం అందాలి. రక్తం చాలని మాయ ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే మరో ప్రోటీన్‌ను విపరీతంగా వదులుతుంది. ఇంటికి రావలసిన ఉత్తరాలను దారిలోనే ఎవరో లాగేసుకున్నట్లు, అది ఆ సంకేతాలను రక్తంలోనే పట్టేస్తుంది. ఉత్తరం అందని నాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. మూత్రపిండాల జల్లెడ పాడై ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి పోతుంది. నాళాల గోడలు కారి ముఖం, చేతులు ఉబ్బుతాయి. మెదడులో అదే జరిగితే తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. కాలేయంలో అయితే కుడి డొక్క పైభాగంలో నొప్పి. 2003లో అనంత్ కరుమంచి బృందం ఈ ప్రోటీన్‌ను గర్భంతో ఉన్న ఎలుకల్లో పెంచి చూస్తే బీపీ పెరిగింది, మూత్రంలో ప్రోటీన్ కనబడింది. ఈ జబ్బు పేరు ప్రీఎక్లాంప్సియా.

ఇక్కడొక విచిత్రం: ఒళ్లంతా నీరు పట్టినా నాళాల లోపల ద్రవం తగ్గిపోయి ఉంటుంది. అందుకే నీరు తీసే మాత్రలు సొంతంగా వేసుకోవడం ప్రమాదం.

ఆరోగ్యవంతులకూ ముఖం కాస్త ఉబ్బవచ్చు కాబట్టి నిర్ధారణకు వాపు లెక్కలోకి రాదు, కొలతలే వస్తాయి. మొదటి నెలల్లో ఒకరి బీపీ 110/70 ఉండేదనుకుందాం. ఇప్పుడు 146/94 వచ్చి, 4 గంటల తర్వాతా 140/90కి పైనే ఉండి, మూత్రంలో ప్రోటీన్ కనిపిస్తే ప్రీఎక్లాంప్సియాయే. మూత్రం బాగానే ఉన్నా ప్లేట్‌లెట్లు పడిపోతే, మందుకు లొంగని తలనొప్పి ఉంటే కూడా అంతే. 160/110 దాటితే నాలుగు గంటలు ఆగరు. నిమిషాల్లో మళ్లీ కొలిచి, గంటలోపే మందు మొదలుపెడతారు. మూర్ఛలు రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు.

మాయ బయటికి వచ్చాకే జబ్బు తగ్గుముఖం పడుతుంది. అదీ వెంటనే కాదు. కాన్పు తర్వాత ఆరు వారాల లోపు కూడా ఇది మొదలవవచ్చు కనుక, బాలింత తలనొప్పిని నిద్ర చాలకనే అని కొట్టిపారేసే ముందు బీపీ కొలవాలి.