ఒక్క శాతం బిల్లులకు ఇరవై నిమిషాలు

కరెంటు బిల్లుల టేబుల్ ఒకటి ఉందనుకుందాం. అందులో కోటి బిల్లులు. ఒక సబ్‌స్టేషన్ కిందికొచ్చే లక్ష బిల్లులు మనకు కావాలి. అంటే నూటికి ఒకటి. ఏ సబ్‌స్టేషన్ బిల్లులు ఎక్కడున్నాయో చెప్పే ఇండెక్స్ ఉంది. పాత తరహా తిరిగే డిస్క్ మీద, ఆ ఇండెక్స్ పట్టుకుని లక్ష బిల్లుల్ని ఒక్కొక్కటిగా తెచ్చుకుంటే ఇంచుమించు 20 నిమిషాలు పడుతుంది. ఇండెక్స్ జోలికే పోకుండా కోటి బిల్లుల్నీ మొదటి నుంచి చివరిదాకా చదివేస్తే 14 సెకన్లలో పనైపోతుంది. వినగానే ఎవరూ నమ్మరు. లెక్క వేసి చూద్దాం.

డిస్క్‌కు రికార్డు అంటే ఏంటో తెలియదు. ఒక్క బిల్లు అడిగినా డేటాబేస్ ఒక పేజీ మొత్తాన్ని మెమరీలోకి తెచ్చుకోవాల్సిందే. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో పేజీ అంటే 8 కేబీ, సరిగ్గా 8,192 బైట్లు. పేజీ మొదట్లో 24 బైట్ల హెడర్. దాని వెనకే ఒక్కో రికార్డుకు 4 బైట్ల చొప్పున చిన్న చీటీల వరుస. "నీ రికార్డు ఈ పేజీలో ఫలానా చోట మొదలవుతుంది" అని చెప్పడమే ఆ చీటీ పని. అసలు రికార్డులు పేజీ చివరి నుంచి వెనక్కి పేరుకుంటూ వస్తాయి. చీటీలు ముందుకు, రికార్డులు వెనక్కి. మధ్యలో మిగిలింది ఖాళీ. ఇండెక్స్‌లో రాసి ఉండేది పేజీ నంబరు, చీటీ నంబరు మాత్రమే. అందుకే కొన్ని రికార్డులు చెరిగిపోయాక మిగతావాటిని పేజీలోనే సర్దినా చీటీ మీది అంకె మారుతుంది తప్ప ఇండెక్స్‌ను ముట్టుకోనక్కర్లేదు.

మన బిల్లు రికార్డు 200 బైట్లు అనుకుంటే చీటీతో కలిపి 204. హెడర్ పోగా మిగిలిన 8,168 బైట్లలో 40 బిల్లులు పడతాయి. కోటి బిల్లులకు రెండున్నర లక్షల పేజీలు, దాదాపు 2 జీబీ. ఇక్కడ ఒక చిన్న విషయం. ఒక బైటు కాలమ్ పక్కనే ఎనిమిది బైట్ల కాలమ్ పెడితే, రెండోది ఎనిమిదో గడి దగ్గరే మొదలవ్వాలి కాబట్టి మధ్యలో ఏడు బైట్లు వృథాగా పోతాయి. అలాంటి అజాగ్రత్త వల్ల రికార్డు 208 బైట్లయితే పేజీకి 38 బిల్లులే పడతాయి, టేబుల్ 13 వేల పేజీలు పెరుగుతుంది. కాలమ్‌ల వరుసను పట్టించుకోనందుకు వంద ఎంబీ అన్నమాట.

ఇప్పుడు డిస్క్ సంగతి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అరచుట్టు ఆగాలి. అంతకుముందు సూదిని సరైన గీత మీదికి జరపడానికి మరో 8 మిల్లీసెకన్లు. మొత్తం 12. ఇంతా చేసి పేజీని చదవడానికి పట్టేది 0.05 మిల్లీసెకను! అంటే ఖర్చంతా ఆ చోటికి చేరడానికే. మెమరీలో ఉన్న డేటాను అందుకోవడంతో పోలిస్తే ఇది లక్ష రెట్లకు పైమాటే.

మన లక్ష బిల్లులు టేబుల్ అంతటా చెదిరి ఉంటే ఒక్కో బిల్లుకు ఒక ప్రయాణం. లక్షను 12 మిల్లీసెకన్లతో గుణిస్తే 1,200 సెకన్లు, అవే ఆ 20 నిమిషాలు. ఆ లక్ష బిల్లుల్ని పరీక్షించడానికి ప్రాసెసర్‌కు పట్టేది సెకనులో పదో వంతు కూడా ఉండదు. అదే టేబుల్‌ను వరుసగా చదివితే సూది పెద్దగా జరగదు, సెకనుకు 150 ఎంబీ చొప్పున 2 జీబీకి 14 సెకన్లు చాలు. ఇక బిల్లుల్ని సబ్‌స్టేషన్ వారీగా పేర్చి ఉంచితే లక్ష బిల్లులు 2,500 పేజీల్లోనే దొరుకుతాయి, ఒక సెకను కూడా పట్టదు. అవే బిల్లులు, అదే ప్రశ్న. మారింది పేర్పు ఒక్కటే.

పోస్ట్‌గ్రెస్‌కు ఈ లెక్క తెలుసు. అందుకే ముందు ఇండెక్స్ నుంచి పేజీ నంబర్లన్నీ పోగేసి, వరుసలో పెట్టి, ఒక్కో పేజీని ఒక్కసారే తెచ్చుకునే మధ్యేమార్గం దానికుంది. దానికీ హద్దుంది. నూటికి ఐదు బిల్లులు కావాలంటే, అవి చెదిరి ఉన్నప్పుడు 87 శాతం పేజీల్లో కనీసం ఒక్కటైనా తగులుతుంది. అప్పుడిక మొత్తం చదివేయడమే నయం.

తెచ్చిన పేజీని దాచుకుంటే మళ్లీ డిస్క్ దాకా పోనక్కర్లేదు కదా? ఆ దాచుకునే చోటే బఫర్ పూల్. పోస్ట్‌గ్రెస్‌లో దాని సైజు చెప్పే `shared_buffers` మామూలుగా 128 ఎంబీ, అంటే 16,384 పేజీలు. నిండాక కొత్త పేజీ కోసం పాతదాన్ని తీసేయాలి. ఎక్కువసేపుగా ఎవరూ ముట్టనిదాన్ని తీసేయడం సబబుగానే తోస్తుంది. దీన్నే ఎల్‌ఆర్‌యూ అంటారు.

అది ఎక్కడ బోల్తా పడుతుందో చూడండి. పూల్‌లో నాలుగు గడులు, టేబుల్‌లో ఐదు పేజీలు. 1, 2, 3, 4 వచ్చి కూర్చున్నాయి. 5 వచ్చింది, 1 పోయింది. రెండో విడత చదవడం మొదలుపెట్టగానే కావలసింది 1. దాని కోసం 2 పోతుంది. తర్వాత కావలసింది సరిగ్గా ఆ 2! ఎన్ని విడతలు చదివినా ఒక్క పేజీ కూడా పూల్‌లో దొరకదు. దానికి బదులు ఇప్పుడే వాడినదాన్ని తీసేస్తూ పోతే, రెండో విడతలో ఐదింట నాలుగు దొరుకుతాయి.

అంతకన్నా పెద్ద నష్టం పక్కవాళ్లకు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో నెలాఖరు రిపోర్టు నడిచిన ప్రతిసారీ కౌంటర్ల దగ్గర స్క్రీన్లు మొరాయించేవి. జనం ఎక్కువ లేరు, ప్రాసెసర్ ఖాళీగా ఉంది. మేం నెట్‌వర్క్ వాళ్లను తిట్టుకుంటూ రెండు నెలలు గడిపాం. తీరా చూస్తే, రిపోర్టు ఒక్కసారి చదివి వదిలేసే పేజీలు పూల్‌ను ముంచెత్తి, కౌంటర్లకు నిమిషనిమిషం కావలసిన పేజీల్ని బయటికి నెట్టేస్తున్నాయి.

ఏ పేజీని తీసేయాలో తేల్చడానికి పోస్ట్‌గ్రెస్ 2005లో ఒక్క ఏడాదిలో మూడు పద్ధతులు మార్చింది. 8.0 వెర్షన్‌లో ఏఆర్‌సీ అనే పద్ధతి పెట్టారు. అది ఐబీఎమ్ పేటెంటు వ్యవహారమని తెలిసి 8.0.2లో 2క్యూ అనే మరో పద్ధతికి మారారు. 8.1లో ఇప్పటికీ వాడుతున్న గడియారం పద్ధతికి వచ్చారు. ఇందులో ప్రతి పేజీకి ఒక అంకె ఉంటుంది. వాడినప్పుడల్లా పెరుగుతుంది, 5 దాటదు. ముల్లు చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటి తగ్గించుకుంటూ పోయి, సున్నా ఉన్నదాన్ని ఖాళీ చేస్తుంది. పూల్‌లో పావు వంతును మించిన టేబుల్‌ను వరుసగా చదివేటప్పుడైతే ఒక చిన్న రింగు మాత్రమే ఇస్తారు. పోస్ట్‌గ్రెస్ 17 వరకు అది 256 కేబీలు, అంటే 32 పేజీలు. ఎంత పెద్ద రిపోర్టయినా ఆ రింగులోని గడుల్లోనే తిరగాలి.

దీన్ని కళ్లారా చూడొచ్చు.

```
EXPLAIN (ANALYZE, BUFFERS)
SELECT sum(amount) FROM bills;
```

జవాబులో `shared hit` అంటే పూల్‌లో దొరికిన పేజీలు, `read` అంటే బయటి నుంచి తెచ్చినవి. పెద్ద టేబుల్ మీద ఇదే క్వెరీని మళ్లీ మళ్లీ నడిపితే, ఒక్క ప్రాసెస్సే చదువుతున్నప్పుడు, పోస్ట్‌గ్రెస్ 17 వరకు `hit` తరచూ 32 చొప్పున పెరిగేది. ఆ రింగు జాడే అది. అయితే `read` అన్నంత మాత్రాన డిస్క్ తిరిగిందని కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరున్న కాపీయే వచ్చి ఉండొచ్చు. `track_io_timing` ఆన్ చేస్తే పట్టిన సమయం కనబడుతుంది, దాన్నిబట్టి పోల్చుకోవచ్చు.

ఎస్‌ఎస్‌డీలో సూదీ లేదు, పళ్లెమూ లేదు. చెదిరిన పేజీ ఒకటి తేవడానికి 0.1 మిల్లీసెకను అనుకుంటే మన లక్ష బిల్లులకు 10 సెకన్లు. సెకనుకు 500 ఎంబీ చదివితే టేబుల్ మొత్తానికి 4. ఎనభై రెట్లకు పైగా ఉన్న తేడా రెండున్నర రెట్లకు దిగింది. కోటి బిల్లుల్ని పరీక్షించడానికి ప్రాసెసర్‌కు పట్టే కొన్ని సెకన్లు తిరిగే డిస్క్ రోజుల్లో ఎవరి కంటా పడలేదు. ఇక్కడ అవి ఆ 4 సెకన్ల పక్కన సమానంగా నిలబడతాయి. వరుసలోని పేజీతో పోలిస్తే చెదిరిన పేజీ తేవడం ఎన్ని రెట్ల ఖర్చో పోస్ట్‌గ్రెస్‌కు చెప్పే `random_page_cost` మాత్రం ఇప్పటికీ 4తోనే వస్తుంది, ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లు చాలామంది దాన్ని 1.1కి దించుకుంటారు.