నాలుగు మిల్లీమీటర్ల ముక్క

మా ల్యాబ్‌కి వచ్చే ఫార్మలిన్ సీసాల్లో కొన్నిటిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తే గానీ లోపల ఏముందో కనబడదు. అడుగున బియ్యపు గింజంత చర్మం ఉంటుంది. ఆ రోజు వచ్చినది వల్వా నుంచి, అంటే ఆడవాళ్ళ బయటి జననాంగం మీద చర్మం నుంచి తీసినది. దాంతోపాటు వచ్చిన కాగితం మీద ఇంతే రాసి ఉంది: వయసు 58, రెండేళ్ళుగా దురద, చాలా క్రీములు వాడారు, ఐదు వారాలుగా చిన్న పుండు. నేను పాథాలజిస్టుని. మనిషిని చూడను, ముక్కనే చూస్తాను. అయినా ఆ రెండేళ్ళు ఎలా గడిచాయో నాకు తెలుసు, ఎందుకంటే ఇలాంటి కాగితాలన్నిటిలో దాదాపు ఒకటే కథ ఉంటుంది.

'కింద దురద' అని ఇంట్లో చెప్పుకోవడానికే మొహమాటం. చివరికి మెడికల్ షాపులో అడిగితే ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడూ కలిపిన ట్యూబు ఇస్తారు. రాసిన నాలుగు రోజులకి హాయిగా ఉంటుంది. ఫంగస్ పోయిందనుకుంటాం. చాలాసార్లు అక్కడ ఫంగసే ఉండదు, స్టెరాయిడ్ దురదని కాసేపు అణచిపెట్టిందంతే. ట్యూబు ఆపగానే మళ్ళీ మొదలు. ఒకవేళ నిజంగా గజ్జల్లో తామరే ఉంటే ఆ స్టెరాయిడ్ దాన్ని ఇంకా పెంచుతుంది, పైగా దాని రూపాన్ని మార్చేసి డాక్టరు కూడా గుర్తుపట్టలేకుండా చేస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. యోనిలో ఈస్ట్ అనే ఫంగస్ పెరగడానికి ఈస్ట్రోజెన్ హార్మోన్ తోడు కావాలి. నెలసరి ఆగిపోయాక ఆ హార్మోన్ తగ్గిపోతుంది కాబట్టి, షుగరు లేని, హార్మోన్ మాత్రలు వాడని 58 ఏళ్ళ మనిషికి పదేపదే ఈస్ట్ ఇన్ఫెక్షన్ రావడం అంత మామూలు విషయం కాదు. రెండోసారి కూడా అదే ట్యూబు రాసేముందు షుగరు చూసి, దూదిపుల్లతో నమూనా తీసి ఈస్ట్ ఉందో లేదో తేల్చుకోవాలి. అన్నిటికంటే ముందు మంచి వెలుతురులో ఆ చోటుని చూడాలి. చూడకుండా మందు రాయడమే ఇక్కడ జరిగే పెద్ద తప్పు అని నా నమ్మకం.

చూసి ఉంటే ఆమెలో ఏం కనబడేదో ఆ ముక్కని సూక్ష్మదర్శిని కింద పెట్టాక నాకు అర్థమైంది. ఒక అంచున పైపొర పల్చబడిపోయింది. దాని కింద మామూలుగా పీచులు పీచులుగా ఉండాల్సిన కణజాలం గంజి ఆరినట్టు ఒకే లేత గులాబీ పట్టీగా మారింది. ఆ పట్టీ కింద తెల్ల రక్తకణాలు బారులు తీరి ఉన్నాయి. దీన్ని లైకెన్ స్క్లెరోసస్ అంటారు. రోగనిరోధక వ్యవస్థ సొంత చర్మం మీదే తిరగబడటం వల్ల వస్తుందని భావిస్తున్నారు. అంటువ్యాధి కాదు, శుభ్రత లేక వచ్చేదీ కాదు. పైకి ఆ చర్మం తెల్లగా, నలిపిన సిగరెట్ కాగితంలా ముడతలు పడి ఉంటుంది. దురద రాత్రిళ్ళు ఎక్కువ. ఏళ్ళు గడిస్తే యోని ద్వారం పక్కనుండే చిన్న పెదవులు కరిగిపోయినట్టు పక్క చర్మంలో కలిసిపోతాయి. చాలామంది తెలుపు చూసి బొల్లి అనుకుని భయపడతారు. బొల్లిలో రంగు మాత్రమే పోతుంది, చర్మం మెత్తదనం పోదు, ఇంత దురదా ఉండదు.

దురద ఉన్న ప్రతివాళ్ళకీ ముక్క తీయక్కర్లేదు. లైకెన్ స్క్లెరోసస్ లక్షణాలు స్పష్టంగా ఉంటే అనుభవమున్న డాక్టరు చూసే చెప్పగలరు, నేరుగా వైద్యం మొదలుపెట్టొచ్చు. 0.05 శాతం క్లోబెటాసోల్ అనే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌ని మొదటి నెల రోజూ రాత్రి, రెండో నెల రోజు విడిచి రోజు, మూడో నెల వారానికి రెండుసార్లు రాయడం ఎక్కువగా వాడే పద్ధతి. ఒక 30 గ్రాముల ట్యూబు దాదాపు మూడు నెలలు రావాలి. అంతకుముందే అయిపోతే ఎక్కువ రాస్తున్నట్టు. స్టెరాయిడ్ అంటే టెన్షన్ పడి మధ్యలో ఆపేసేవాళ్ళే ఎక్కువ. కానీ 2015లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో 507 మందిని గమనిస్తే, చెప్పినట్టు మందు కొనసాగించిన 357 మందిలో ఒక్కరికీ వల్వా క్యాన్సర్ గానీ, దాని ముందు దశ గానీ రాలేదు. సరిగా వాడని 150 మందిలో ఏడుగురికి వచ్చింది.

ముక్క తీయాల్సింది ఎప్పుడంటే, సరైన మందు సరిగ్గా వాడినా ఒక చోటు మాత్రం లొంగనప్పుడు. చుట్టూ నెమ్మదించినా అక్కడ చర్మం దళసరిగా, గరుకుగా, గట్టిగా మిగిలిపోతుంది. లేదా పులిపిరిలా లేస్తుంది, రక్తం చెమరుస్తుంది, కొత్తగా నలుపో ఎరుపో మచ్చ వస్తుంది. పుండు విషయంలో ఇంకా తొందరపడాలి. హెర్పిస్ పుండ్లు మామూలుగా రెండు మూడు వారాల్లో మానుతాయి. సిఫిలిస్ పుండు నొప్పి లేకుండా వచ్చి, మందు వాడకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది, జబ్బు మాత్రం లోపల ఉండిపోతుంది. అందుకే ముందు రక్తపరీక్ష చేయించాలి. మన కోస్తాలో ఒకప్పుడు తరచుగా కనబడిన డోనోవనోసిస్ అనే సుఖవ్యాధి పుండు అలా మానదు. ఎర్రగా, ముట్టుకుంటే రక్తం కారేలా పెరుగుతూనే పోతుంది. 1905లో మద్రాసులో డోనోవన్ అనే డాక్టరు ఆ జబ్బు క్రిముల్ని చూసింది పుండు నుంచి తీసిన కణాల్లోనే. కారణం తేలని పుండు నాలుగు వారాలు దాటిందంటే ఇంకో ట్యూబు మార్చి చూద్దామనే మాట ఉండకూడదు.

తీసే పని పది నిమిషాలది, ఓపీలోనే అయిపోతుంది. ముందు మత్తు క్రీము రాసి, తర్వాత సన్నటి సూదితో మత్తు మందు ఎక్కిస్తారు. ఆ సూది చురుక్కుమంటుంది, తర్వాత తెలియదు. పంచ్ అనే నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి కత్తిని తిప్పి ముక్క తీసి, రక్తం ఆగడానికి మందో, కరిగిపోయే కుట్టు ఒకటో వేస్తారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని మనవాళ్ళకి పెద్ద భయం. ఇక్కడ అలా జరగదు. అయితే అనుమానంగా ఉన్న పుండుని పరీక్ష పేరుతో మొత్తం కోసేయకూడదు. రేపు అది క్యాన్సరని తేలితే ఎక్కడ, ఎంత వెడల్పున కోయాలో సర్జన్‌కి ఆనవాలు మిగలదు. లోతు కూడా ముక్కలోనే తేలుతుంది. గడ్డ రెండు సెంటీమీటర్లు మించకుండా, లోపలికి ఒక మిల్లీమీటరు మించి దిగకపోతే సాధారణంగా గజ్జల్లో లింఫ్ గ్రంథులు తీయాల్సిన అవసరమే రాదు.

ఆమె విషయంలో మొదటి ముక్క నాకు సగమే చెప్పింది. అంచున లైకెన్ స్క్లెరోసస్ కనబడింది గానీ, మిగతాదంతా చచ్చిన కణాలు, చీము. అంటే ముక్కలో ఎక్కువ భాగం పుండు నడిమధ్యనుంచి వచ్చింది. అక్కడ ఏ పుండైనా ఒకేలా ఉంటుంది, అసలు రోగం పుండు గట్టున బతికి ఉంటుంది. 'క్యాన్సర్ కనబడలేదు' అని రిపోర్టు రాసి పంపేస్తే అందరూ సంతోషించేవారు. నేను ముక్క పంపిన డాక్టరమ్మకి ఫోన్ చేసి, గట్టు మీద బాగా దళసరిగా ఉన్న చోటు నుంచి మళ్ళీ తీసి పంపండి అన్నాను.

రెండో సీసాతో వచ్చిన కాగితం మీద ఆవిడ చిన్న బొమ్మ గీసి, ముక్క తీసిన చోట చుక్క పెట్టారు. ఈసారి పైపొర అడుగు వరసలో కణాలు నల్లగా, పెద్దగా, ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. డిఫరెన్షియేటెడ్ విన్ అనే దశ ఇది. క్యాన్సర్‌కి ముందు మెట్టే, కానీ వదిలేస్తే త్వరగా క్యాన్సర్‌గా మారే రకం. కణాలు ఇంకా పొర దాటి కిందికి దిగలేదు.

మూడు వారాల తర్వాత ఆపరేషన్‌లో తీసిన చర్మం వచ్చింది, ఏ దిక్కు ఏదో తెలియడానికి గడియారంలో పన్నెండు ఉండే వైపు దారం కట్టి. నాలుగంచులకీ నాలుగు రంగుల సిరా పూసి, ముక్కలు చేసి అన్నీ చూశాను. ఎక్కడా లోపలికి దిగలేదు, అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి. మిగిలిన తెల్లటి చర్మానికి క్లోబెటాసోల్ కొనసాగించమని, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమని ఆమెకి చెప్పారట.